సెప్టెంబరు 1కీ 2కీ మధ్య రెండు నెలల తేడా

విశాఖలో మా వీధి చివరింట్లో ఓ రిటైర్డ్ దంపతులున్నారు. కూతురు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. ఐరోపాలో చాలా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంజెన్ వీసాలు గతంలో రెండు సక్రమంగా వాడుకున్నందుకు ఈ దంపతులకు ఈసారి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా వచ్చింది. ఏప్రిల్ 5న వెళ్లి జూన్ 3న బయల్దేరి వచ్చేశారు. పెరట్లో మావిడికాయలు రాలిపోయాయని ఆవిడ బాధ వేరే. సెప్టెంబరులో కూతురికి పురుడు కాబట్టి మళ్లీ వెళ్లాలి. "ఆరు నెలలు కాలేదు కదండీ, వెళ్లినా ముప్పై రోజులే" అని ద్వారకానగర్‌లో ఒక ఏజెంటు తేల్చేశాడు.

ఆయన మాట సగమే నిజం. షెంజెన్‌లోని 29 దేశాలకూ కలిపి నిబంధన ఒకటే: ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. చాలామంది ఈ 180 రోజులను మొదటిసారి దిగిన రోజు నుంచి ముందుకు లెక్కపెడతారు, లేదా అర్ధ సంవత్సరం గడిస్తే కొత్త ఖాతా తెరుచుకుంటుందనుకుంటారు. లెక్క వెనక్కి నడుస్తుంది. అక్కడున్న ప్రతి రోజునా, ఆ రోజును కూడా కలుపుకొని వెనక్కి 180 రోజులు చూడాలి. అందులో అక్కడ గడిపినవి 90 దాటకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ పూర్తి రోజులే. రాత్రి పదకొండుకు దిగినా ఒక రోజు పోయినట్టే.

వీళ్ల మొదటి మకాం ఏప్రిల్‌లో 26, మేలో 31, జూన్‌లో 3, మొత్తం 60 రోజులు. సెప్టెంబరు 1న దిగితే నెలాఖరుకి మరో 30 చేరి సరిగ్గా 90 అవుతాయి. అక్టోబరు 1 నుంచి వెనక్కి లెక్కపెడితే 180వ రోజు ఏప్రిల్ 5. అంటే పాత మకాంలో ఒక్క రోజు కూడా ఇంకా రాలిపోలేదు. ఆ రోజు అక్కడుంటే అది 91వ రోజు. ఏజెంటు చెప్పిన ముప్పై రోజులు ఇక్కడ నిజమే.

అదే సెప్టెంబరు 2న దిగారనుకోండి. అక్టోబరు 1కి 90 నిండుతాయి. మర్నాడు కొత్త రోజు ఒకటి చేరుతుంది, కానీ ఏప్రిల్ 5 లెక్కలోంచి జారిపోతుంది. ఆ తర్వాతి రోజు ఏప్రిల్ 6 జారిపోతుంది. అలా రోజుకొకటి చేరుతూ, రోజుకొకటి రాలుతూ మొత్తం 90 దగ్గరే నిలిచి ఉంటుంది. నవంబరు 30 దాకా ఉండొచ్చు. ఒక్కరోజు ఆగి వెళ్తే అదనంగా రెండు నెలలు!

ఐరోపా కమిషన్ సైట్‌లో దీనికి ఉచిత కాలిక్యులేటర్ ఉంది. పాత తేదీలూ కొత్త తేదీలూ వేస్తే చెప్పేస్తుంది. టికెట్ కొనకముందు అయిదు నిమిషాల పని. పాస్‌పోర్టు ముద్రలు అలికినట్టు పడితే ఎవరూ పట్టించుకోరన్న ధీమా కూడా ఇక చెల్లదు. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటోతో రాకపోకల నమోదు దశలవారీగా మొదలైంది. రోజులను యంత్రమే కూడుతుంది.

ఇక ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది. "స్లాటు ఎక్కడ దొరికితే అక్కడ" అనే సలహా నాకు అన్నిటికన్నా చిరాకు. ప్రయాణం ముఖ్యోద్దేశం ఏ దేశమో, లేదా ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. పారిస్‌లో విమానం దిగి, నాలుగు రోజులు తిరిగి, మిగతా నెలన్నర మ్యూనిక్‌లో ఉంటే దరఖాస్తు జర్మనీకే. రెండు దేశాల్లో చెరి అయిదు రోజులు, ఉద్దేశం కూడా ఒకటే అయినప్పుడు మాత్రమే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. స్లాటు కోసం మరో దేశం పేరు రాసి, దొంగ హోటల్ బుకింగ్ పెట్టి, చివరికి అక్కడికి వెళ్లకపోతే సరిహద్దులో ఆపి వీసా రద్దు చేసే అధికారం వాళ్లకుంది. ఆ రద్దు తర్వాతి దరఖాస్తులను కూడా వెంటాడుతుంది. ఏజెంటు ఫీజు మాత్రం తిరిగి రాదు.

మా దంపతులు చివరికి సెప్టెంబరు 4న దిగేలా, నవంబరు 28న బయల్దేరేలా టికెట్లు తీసుకున్నారు. అలా అయితే లెక్క ఏ రోజూ 88 దాటదు. తిరుగు విమానం మర్నాటికి వాయిదా పడితే మర్నాటి తేదీ నమోదవుతుంది కదా, ఆ వెసులుబాటు దానికోసం.