"రంగు పోతుందా?" అంటే "పోదు" అని రాయకండి

ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవారు చాలామంది "తరచూ అడిగే ప్రశ్నలు" పేజీని షరతుల బోర్డులా రాస్తున్నారు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ పేజీ తెరిచే మనిషి చీర నచ్చి, ధరకు ఒప్పుకుని, ఒక్క సందేహం దగ్గర ఆగిపోయిన మనిషి. ఆ సందేహం తీర్చే జవాబు కంటే బాగా చీరను అమ్మిపెట్టే వాక్యం ఇంకొకటి ఉండదు.

పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే ఒక స్నేహితురాలి పేజీని ఈమధ్యే తిరగరాశాను. ముందుగా ఆమె వాట్సాప్ సందేశాలు చదివి, కొనేవారు అడిగిన మాటలనే ప్రశ్నలుగా పెట్టాను. అందరూ అడిగేది ఒకటే: "ఇది నేసిందా, ప్రింటా?" దానికి పాత జవాబు "మా చీరలన్నీ వంద శాతం ఒరిజినల్" అని ఉండేది. ప్రింటు చీర అమ్మేవారూ అదే రాస్తారు కాబట్టి ఆ వాక్యానికి విలువ లేదు.

కొత్త జవాబు ఇది: "ఇక్కత్‌లో దారాలను ముందే కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందువల్ల డిజైను రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది, దాని అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ప్రింటులో వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. చీర అందగానే తిరగేసి చూడండి." కింద చీర వెనకవైపు ఫోటో పెట్టాం. అయితే ఈ పరీక్ష ప్రింటును మాత్రమే పట్టిస్తుంది, మరమగ్గంపై నేసిన ఇక్కత్‌ను పట్టించదు. అందుకే చేనేత అని చెప్పే చీరకు హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఫోటో కూడా చేర్చాం. పట్టుకు సిల్క్ మార్క్ ఉంటుంది, కానీ అది పట్టు అసలుదని చెబుతుందే తప్ప చేతితో నేసిందని చెప్పదు.

ఇక రంగు సంగతి. "పోదు" అని రాస్తే మొదటి ఉతుకులో ఎర్రనీళ్లు చూసిన అమ్మాయి మళ్లీ మన దగ్గర కొనదు. "ముదురు ఎరుపు, మెరూన్ నూలు చీరలు మొదటి రెండు మూడు ఉతుకుల్లో కొంత రంగు వదలవచ్చు. చన్నీళ్లలో విడిగా, నానబెట్టకుండా ఉతికి, నీడలో ఆరేయండి. పట్టు చీరను డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి" అని రాశాం. ఇలా రాస్తే కొనేవారు తగ్గుతారని ఆమె భయపడింది. చీర రంగు ఎలా ప్రవర్తిస్తుందో ముందే చెప్పగలిగిన అమ్మకందారుకు ఆ చీర నిజంగా తెలుసని చదివేవారికి అర్థమవుతుందని నా వాదన.

రిటర్నుల దగ్గరే అందరూ కఠినంగా మారతారు. "ఫాల్ కుట్టించినా, బ్లౌజు ముక్క కత్తిరించినా తిరిగి తీసుకోలేం, కాబట్టి ముందు పగటి వెలుతురులో చీరంతా విప్పి చూసుకోండి" అని రాస్తే చాలు. అదే షరతు, కానీ చదివేవారి చేతికి ఒక పని ఇస్తుంది.