అప్పీల్ వేస్తే ప్రొవిజన్ తప్పుతుందా?

కట్టాల్సి వచ్చేలా ఉన్న డబ్బును ముందే ఖర్చుగా రాసుకోవడమే ప్రొవిజన్. 2019 నవంబర్ 14న ఎయిర్‌టెల్ సెప్టెంబర్ త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. నష్టం రూ.23,045 కోట్లు. లైసెన్సు ఫీజును ఏ ఆదాయం మీద లెక్కగట్టాలని టెలికాం శాఖతో ఏళ్ల తరబడి నడిచిన ఏజీఆర్ వివాదం కోసం ఒక్కసారిగా రూ.28,450 కోట్లు ఖర్చు రాయడమే కారణం. ఇందులో అసలు రూ.6,164 కోట్లు మాత్రమే. మిగతాదంతా వడ్డీ, జరిమానా, ఆ జరిమానా మీద వడ్డీ.

త్రైమాసికం ముగిసింది సెప్టెంబర్ 30న. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది అక్టోబర్ 24న. అయినా దెబ్బ ముందు త్రైమాసికం మీదే పడింది. ఎందుకంటే తీర్పు కొత్త అప్పును పుట్టించలేదు, పాత సంవత్సరాల ఆదాయం మీద అప్పటికే ఉన్న బాకీని ఖాయం చేసింది. లెక్కలకు ఆమోదం పడేలోగా ఇలాంటి తీర్పు వస్తే వెనక్కి వెళ్లి సర్దాల్సిందే.

మరి అంతకుముందు ఎందుకు రాయలేదు? 2015లో టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ తీర్పు చాలావరకు కంపెనీల వైపే వచ్చింది. కాబట్టి చాలా భాగాన్ని కంటింజెంట్ లయబిలిటీగా, అంటే పడొచ్చు పడకపోవచ్చు అన్న బాకీగా, ఖర్చు రాయకుండా లెక్కల కింది నోట్స్‌లో చూపడాన్ని నేను తప్పు పట్టను. నా గొడవ వేరే. కింది కోర్టులో గెలిచినవాళ్లకు పనికొచ్చే ఈ వాదనను, ఓడిపోయినవాళ్లు కూడా వాడేస్తున్నారు.

ఇలాంటి బాకీల అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 37 అడిగేవి మూడే: జరిగిపోయిన సంఘటన వల్ల ఇప్పుడు బాధ్యత ఉందా, డబ్బు కట్టాల్సి వచ్చే అవకాశమే ఎక్కువా, మొత్తాన్ని నమ్మదగినట్టు అంచనా వేయగలమా. మూడింటికీ అవునంటే ప్రొవిజన్ రాయాలి, ఆ ఏడాది లాభం తగ్గాలి. ఓడే అవకాశం సగానికి మించకపోతే నోట్‌లో చెప్తే చాలు. మరీ స్వల్పమైతే అదీ అక్కర్లేదు. అప్పీల్ వేశారా లేదా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు.

ఒక నిర్మాణ కంపెనీ ఉందనుకుందాం. సబ్ కాంట్రాక్టర్ 4 కోట్లు రావాలని కేసు వేశాడు. కమర్షియల్ కోర్టు 3 కోట్లు, ఏటా 9 శాతం సాధారణ వడ్డీతో చెల్లించమంది. కంపెనీ హైకోర్టుకు వెళ్లి, స్టే కోసం కోటిన్నర డిపాజిట్ చేసింది. ఓడే అవకాశం 60 శాతమని లాయరు అన్నారు. డైరెక్టరు గారేమో, "అప్పీల్‌లో ఉంది కదండీ, ఇప్పుడే ఖర్చెందుకు?" అంటారు.

అకౌంట్స్ వాళ్లు మధ్యేమార్గంగా 3 కోట్లలో 60 శాతం, అంటే 1.8 కోట్లు రాద్దామంటారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది కానీ, ఈ కేసులో 1.8 కోట్లు కట్టే రోజు ఎప్పటికీ రాదు. ఓడితే మొత్తం కట్టాలి, గెలిస్తే ఏమీ లేదు. శాతాలతో హెచ్చవేయడం వేలకొద్దీ వారంటీ క్లెయిముల్లాంటి వాటికి సరిపోతుంది. ఒంటరి కేసులో ఎక్కువగా జరిగేలా ఉన్న ఫలితాన్నే పట్టుకోవాలి. అంటే 3 కోట్లు, ఇప్పటికి రెండేళ్ల వడ్డీ 54 లక్షలు, కలిపి 3.54 కోట్లు.

డిపాజిట్ సంగతి ఇంకా తమాషా. కోటిన్నర బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా కూర్చుంటుంది. ప్రొవిజన్ రాయకుండా నోట్‌తో సరిపెడితే, తిరిగి రాదని లాయరే చెబుతున్న డబ్బును మనం రావాల్సిన డబ్బుగా చూపిస్తున్నామన్నమాట.

ఆడిటర్లు లాయరు ఉత్తరం అడుగుతారు. వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "మా కేసు బలంగా ఉంది" అనే. అది కోర్టులో వాదించేవాడి మాట, అంచనా కాదు. కింది కోర్టు ఏ కారణంతో ఓడించింది, అదే అంశంపై పై కోర్టు తీర్పులు ఎటున్నాయి అని అడిగితే అసలు విషయం బయటికొస్తుంది.

ప్రొవిజన్ రాస్తే ఎదుటివాడికి మనమే ఒప్పుకున్నట్టు అవుతుందన్న భయం ఒకటుంది. అది ఉత్త భయమేమీ కాదు. అందుకే కేసుకు బాగా నష్టం చేసే అరుదైన సందర్భాల్లో వివరాలు దాచుకునే వెసులుబాటును ప్రమాణమే ఇచ్చింది. కానీ వివాదం స్వభావం చెప్పాలి, వివరాలు ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పాలి. పైగా ఆ మినహాయింపు వివరాలకే, ప్రొవిజన్‌కు కాదు.

షేర్లు కొనేవాళ్లు ఈ నోట్‌ను మూడేళ్ల వార్షిక నివేదికల్లో పక్కపక్కన పెట్టి చదవాలి. కేసు ఓడిపోయి పై కోర్టుకు వెళ్లినా నోట్‌లో వాక్యం అక్షరం మారకపోతే, ఎవరూ మళ్లీ అంచనా వేయలేదేమోనని అనుమానించాలి. మొత్తం పక్కన "వడ్డీ మినహా" అని ఉంటే, కాలిక్యులేటర్ తీసి ఆ వడ్డీ మీరే లెక్కేసుకోండి.