ఆదివారం లెక్కలోకి వస్తుందా అండీ?

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు నుదుటి మీది బూడిద ఇంకా రాలకముందే ఒక ధర్మసందేహం బయలుదేరుతుంది. ఏటా అదే సందేహం. ‘ఈ తపస్సు కాలంలో చాక్లెట్ మానేశానండీ, నలభై రోజులు. మరి ఆదివారం తినొచ్చా?’

ఇంతటి తాత్త్విక ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. ముందు కేలెండర్ తీద్దాం. 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. ఫిబ్రవరిలో 11 రోజులు, మార్చిలో 31, ఏప్రిల్‌లో పవిత్ర శనివారం దాకా 4. మొత్తం 46. నలభై అని చెప్పి నలభై ఆరు అంటగట్టారేమిటని భక్తుడు గుండెలు బాదుకునేలోగా, మధ్యలో ఆరు ఆదివారాలు కనబడతాయి. తీసేస్తే సరిగ్గా నలభై. ఆ క్షణంలో భక్తుడి ముఖం మీద కనబడే వెలుగు ఈస్టర్ ఉదయాన కూడా కనబడదు.

ఇందులో అతని కల్పన ఏమీ లేదు, పాపం. ఆదివారం క్రీస్తు తిరిగి లేచిన దినం, ఆ రోజు ఉపవాసం ఉండరాదన్నది తిరుసభ తొలినాటి మాటే. మొదట్లో రోమాలో తపస్సు కాలం ఆరు వారాలే. వారానికి ఆరు ఉపవాసాల చొప్పున ముప్పై ఆరు. మోషే నలభై, ఏలీయా నలభై, ఎడారిలో ప్రభువు నలభై, మనం మాత్రం ముప్పై ఆరా అని తర్వాతివాళ్లు సిగ్గుపడి ముందు నాలుగు రోజులు చేర్చారు. అందుకే మొదలు ఆదివారం కాకుండా బుధవారం అయింది. మిలాను సంప్రదాయంలో ఇప్పటికీ ఆదివారమే మొదలు. గమనించాల్సింది ఒక్కటే: వాళ్లు లెక్క కుదరక రోజులు కలిపారు. మనవాడు లెక్క కుదిరిందని ఆరు రోజులు తీసేసుకుంటున్నాడు.

అసలు కిటుకు మరొకటుంది. ఆదివారం మినహాయింపు తిరుసభ పెట్టిన ఉపవాసానికి. చాక్లెట్ మానెయ్యమని తిరుసభ ఎవరికీ చెప్పలేదు. ఆ మొక్కు నువ్వు పెట్టుకున్నది, దాని షరతులూ నువ్వు రాసుకున్నవే. చట్టంలో లేని ఉపవాసానికి చట్టంలో ఉన్న సెలవు అడగడమంటే, ఉద్యోగంలో చేరకుండానే వారాంతపు సెలవుకి దరఖాస్తు పెట్టడం.

అయినా ఈ తెలివి నిన్నటిది కాదు. పూర్వం ఉపవాసమంటే రోజుకు ఒకే భోజనం, అదీ సాయంకాల ప్రార్థన అయ్యాకే. సాయంత్రం దాకా ఆగడం కష్టమైంది. భోజనం మెల్లగా మధ్యాహ్నం మూడుకి జరిగింది. మూడు కూడా దూరమే అనిపించి పన్నెండుకి జరిగింది. కానీ నియమం నియమమే, సాయంకాల ప్రార్థన కాకుండా ముద్ద ముట్టకూడదు. ఏం చెయ్యాలి? ప్రార్థననే పన్నెండుకి ముందుకు జరిపేశారు! నడినెత్తిన సూర్యుడు మండుతుంటే గురువులు నిలబడి, ఈ దినం గడిచిపోయినందుకు దేవునికి వందనాలు చెప్పుకుని, వడివడిగా భోజనాల గదికి నడిచేవారు. తపస్సు కాలపు పనిదినాల్లో మధ్యాహ్నానికి ముందే సాయంకాల ప్రార్థన ముగించే ఈ ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచింది. నియమం ఎక్కడా తప్పలేదు. తప్పిందల్లా సూర్యుడే.

పన్నెండుకి తింటే రాత్రికి ఆకలి వెయ్యదా? వేస్తుంది. మఠాల్లో రాత్రి పూట కాసియన్ రాసిన ‘కొలాసియోనెస్’ చదువుతూ కాస్త పానీయం పుచ్చుకునేవారు. ఉత్త పానీయం కడుపుకు చేటు కదా అని పక్కన రొట్టె ముక్క వచ్చింది. ముక్క పెరిగింది. చివరికి నీతిశాస్త్ర పండితులు త్రాసు తెచ్చి ఎనిమిది ఔన్సులు, అంటే సుమారు 225 గ్రాములు, దాటకూడదని తేల్చారు. పుస్తకం చదవడం పోయి, పుస్తకం పేరు మాత్రం పలహారానికి మిగిలింది.

ఇక మన కథానాయిక చాక్లెట్. అది స్పెయిన్‌కి పానీయంగా వచ్చింది. పానీయం ఉపవాసాన్ని భంగపరచదు కనుక చాక్లెట్ కూడా భంగపరచదా? దీని మీద ఆంటోనియో దె లియోన్ పినేలో 1636లో ఏకంగా ఒక గ్రంథమే అచ్చు వేశాడు. 1664లో కార్డినల్ బ్రాంకాచో, ద్రవం ద్రవమే, ఉపవాసానికి ఢోకా లేదు అన్న పక్షాన కలం పట్టాడు. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే థామస్ అక్వినాస్ ఈ దారి చూసిపెట్టాడు. అరుగుదల కోసం తినే లేహ్యంతో ఉపవాసం చెడదు, కానీ లేహ్యాన్నే అన్నంలా లాగించి మోసం చేస్తే చెడుతుంది అన్నాడు. లేహ్యం మాట అందరికీ గుర్తుంది. మోసం మాట దగ్గర పేజీ అంటుకుపోయినట్టుంది.

అలా చాక్లెట్ తాగినా ఉపవాసమే అని నిరూపించడానికి ఒక శతాబ్దం చెమటోడ్చింది. ఇప్పుడు చాక్లెట్ ఒక్కటి మానేస్తే చాలు, అదే ఉపవాసమని మనం నిరూపించాం. పురోగతి!

ఇంతకీ ఇప్పటి కతోలిక చట్టం అడిగేదెంత? ఉపవాస దినాలు రెండు. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. నలభైలో రెండు. ఆ రెండు రోజులూ ఒక పూట పూర్తి భోజనం, ఉదయం కొంచెం, రాత్రి కొంచెం. 18 నిండినవారికి, 59 నిండేవరకే. 14 నిండినవారు శుక్రవారాలు మాంసం మానాలి, అదీ ఆ రోజు మహోత్సవం పడకపోతే. తూర్పు సంఘాలవాళ్లు మాంసం, గుడ్లు, పాలు వారాల తరబడి మానేసి, ఆదివారం కూడా వాటి జోలికి పోరు. వాళ్లకు బూడిద బుధవారమే లేదు, అందుకే కాబోలు ఫొటోలూ తక్కువ.

బూడిద అంటే గుర్తొచ్చింది. నిరుటి మ్రానికొమ్మలను ఎండబెట్టి కాల్చి, జల్లెడ పట్టి, నుదుట సిలువ గీస్తారు. బూడిదలో నీళ్లు పోసి ముద్ద చేస్తే క్షారమెక్కి చర్మం మండుతుంది, కొన్నిచోట్ల బొబ్బలెక్కిన సందర్భాలున్నాయి. అంతకన్నా మండాల్సింది ఆ రోజు చదివే సువార్త. మత్తయి ఆరో అధ్యాయం: ఉపవాసం ఉన్నట్టు మనుష్యులకు కనబడకుండా తల అంటుకో, ముఖం కడుగుకో. అది విని, ఆమెన్ అని, బూడిద పెట్టించుకుని, బయటికొచ్చి ముఖం కడక్కుండా ఫోను తీసి, ‘ఈ నలభై రోజులూ చాక్లెట్‌కి సెలవు’ అని లోకానికి చాటుతారు.

నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకోబుద్ధి కావడం లేదు. ఎందుకంటే మానేసిన దాని డబ్బు ఎక్కడికి పోయిందో ఒక్కరూ అడగరు. ఉపవాసం ఉన్నవాడు మానిన ముద్ద పేదవాడి ముద్ద కావాలని అయిదో శతాబ్దంలోనే లియో పోపు చెప్పాడు. అది ఉపవాసానికి తోక కాదయ్యా, తల! మానిన తిండి విలువ నీ జేబులోనే ఉంటే నువ్వు చేసింది తపస్సు కాదు, పొదుపు. బరువు తగ్గితే పథ్యం. ఇంట్లో పనిమనిషికి నెల జీతం ఆపి, తాను చాక్లెట్ ఆపానని చెప్పుకునేవాడిని ఏమనాలో నాకు మర్యాదైన మాట దొరకడం లేదు.

యెషయాకు దొరికింది. బూడిద పరుచుకుని కూర్చుంటే ఉపవాసమా అని నిలదీశాడు. ఉపవాసదినాన పనివాళ్లచేత గొడ్డుచాకిరీ చేయిస్తారే అని తిట్టాడు. ఆ యాభై ఎనిమిదో అధ్యాయాన్ని విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం పూజలో చదువుతారు. మొక్కు మొదలై అప్పటికి మూడోరోజు. భక్తుడు తల వంచుకుని శ్రద్ధగా వింటాడు, వింటూ వేళ్లు మడుస్తాడు. శనివారం ఒకటి, ఆ తర్వాత ఆదివారమే.