కెనడా పీఆర్‌కి ‘ఓవరాల్ 7’ లెక్క ఎక్కడ తప్పుతోంది

“కెనడా పీఆర్‌కి ఐఈఎల్‌టీఎస్‌లో ఓవరాల్ 7 వస్తే చాలు ఫ్రెండ్స్. నెల రోజుల కోచింగ్‌తో ఈజీగా వచ్చేస్తుంది. ఏదో ఒక మాడ్యూల్‌లో తగ్గినా టెన్షన్ వద్దు, అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. స్కోరు రెండేళ్లు పనికొస్తుంది కాబట్టి ఇప్పుడే రాసి పడేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.”

కెనడా వెళ్లాలనుకునేవాళ్లకి వినిపించే ఇలాంటి సలహాని ముక్కముక్కగా చూద్దాం. పీఆర్ అంటే శాశ్వత నివాస హక్కు. దానికి దరఖాస్తుదారులను పాయింట్లతో వరుసపెట్టి, పై స్కోరువాళ్లను డ్రాల్లో పిలిచే పద్ధతి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. మొదట ఓవరాల్ సంగతి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఓవరాల్ బ్యాండ్‌కి ఒక్క పాయింటు కూడా లేదు. లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ స్కోర్లను విడివిడిగా తీసుకుని, ఒక్కోదాన్నీ సీఎల్‌బీ అనే కెనడా భాషా స్థాయిలోకి మారుస్తారు. పాయింట్లు ఆ స్థాయికి వస్తాయి. విదేశీ అనుభవంతో దరఖాస్తు చేసే స్కిల్డ్ వర్కర్‌కి నాలుగింటిలోనూ సీఎల్‌బీ 7, అంటే కనీసం 6.0 ఉంటే భాష వైపు నుంచి అర్హత దొరుకుతుంది. కానీ అర్హత ఉన్నంత మాత్రాన పిలుపు రాదు. అసలు తేడా తెచ్చేది సీఎల్‌బీ 9. దానికి లిజనింగ్‌లో 8.0, మిగతా మూడింటిలో 7.0 కావాలి. కోచింగ్ సెంటర్లలో ‘8777’ అనేది దీన్నే. పొరపాటు ఎక్కువగా లిజనింగ్ దగ్గరే జరుగుతుంది. అక్కడ 7.0 తెచ్చుకున్నా అది సీఎల్‌బీ 7 కిందికే వస్తుంది, 7.5 వస్తే 8.

ఒక మనిషిని ఊహించుకుని లెక్క వేద్దాం. వయసు 29, పెళ్లి కాలేదు, హైదరాబాద్‌లో నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చదువు ఎంటెక్, కెనడా అనుభవం లేదు. వయసుకి 110, మాస్టర్స్‌కి 135 పాయింట్లు. ఇవి భాషతో సంబంధం లేకుండా వచ్చేవి. ఇప్పుడు ఓవరాల్ 7 ఉందనుకుందాం, నాలుగింటిలోనూ సరిగ్గా 7. లిజనింగ్‌కి 17, మిగతా మూడింటికి తలా 31, కలిపి భాషకి 110. దీనికి తోడు చదువునూ భాషనూ జతచేసి కొన్ని పాయింట్లు, అనుభవాన్నీ భాషనూ జతచేసి కొన్ని పాయింట్లు ఇస్తారు. నాలుగూ సీఎల్‌బీ 9 దాటితే ఇతనికి ఒక్కో జతకి 50. ఒక్కటి తగ్గినా 25 మాత్రమే. అంటే ఇక్కడ రెండు జతలకీ కలిపి 50 దగ్గరే ఆగిపోతాడు. మొత్తం 405.

అదే మనిషి లిజనింగ్‌ని 8కి తెచ్చాడు, మిగతావి కదపలేదు. భాషకి 124, జతలకి 100. మొత్తం 469. ఒక్క మాడ్యూల్‌లో ఒక్క బ్యాండ్‌కి 64 పాయింట్లు పెరిగాయి.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఇంకా చిత్రంగా ఉంటుంది. లిజనింగ్ 7.5, రీడింగ్ 9, రైటింగ్ 7, స్పీకింగ్ 7.5 వచ్చినవాడి సగటు 7.75. ఐఈఎల్‌టీఎస్ దాన్ని పైకి సవరించి ఓవరాల్ 8 ఇస్తుంది. 8777 వాడి సగటు 7.25, ఓవరాల్ 7.5. చుట్టాలు మెచ్చుకునేది మొదటివాణ్ణి. డ్రాలో ముందుండేది రెండోవాడు.

ఇక్కడే ఇంకో మాట. 8777 దాటాక ఇంగ్లీషుని ఇంకా పైకి లాగితే లాభం పెద్దగా ఉండదు. నాలుగింటినీ సీఎల్‌బీ 10కి తీసుకెళ్లినా మాడ్యూల్‌కి మూడు చొప్పున 12 పాయింట్లే పెరుగుతాయి. 469 కూడా చాలని డ్రాలు చాలా ఉన్నాయి. 2025లో కెనడా అనుభవం ఉన్నవాళ్ల కోసం తీసిన డ్రాల కటాఫ్ 500 కిందికి దిగలేదు. ఆ స్థితిలో ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ ఐఈఎల్‌టీఎస్ రాయడం కంటే కెనడాలోని ఏదైనా రాష్ట్రం తనకి కావాలని పేరు సూచించే ప్రావిన్స్ నామినేషన్ దొరికే దారి చూసుకోవాలి, దానికి 600 పాయింట్లు. లేదంటే ఫ్రెంచ్ మొదలుపెట్టాలి. ఫ్రెంచ్‌లో నాలుగు నైపుణ్యాల్లోనూ స్థాయి 7 వస్తే 50 అదనపు పాయింట్లతో పాటు రెండో భాష పాయింట్లు కూడా కలుస్తాయి, ఫ్రెంచ్ డ్రాల కటాఫ్ కూడా బాగా తక్కువ. కాకపోతే ఏ బీ సీ డీల నుంచి ఆ స్థాయికి రావడం ఐదారు వందల గంటల పని. దాన్ని ఏడాది ప్రణాళికగా చూడాలి.

ఇక నెల రోజుల మాట. అది ఎవరి విషయంలో నిజమంటే, భాష ఇప్పటికే ఆ స్థాయిలో ఉండి పరీక్ష పద్ధతి మాత్రమే తెలియనివాళ్ల విషయంలో. మిగతావాళ్లకి గడువు ఎంతో తేలాలంటే ముందు సమయం పెట్టుకుని పూర్తి మాక్ టెస్ట్ ఒకటి రాయాలి, అదీ జనరల్ ట్రైనింగ్ పేపర్‌తో. ఐఈఎల్‌టీఎస్‌లో రెండో రకమైన అకడమిక్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి చెల్లదు. చాలామంది అకడమిక్ పుస్తకాలతో సాధన చేసి రీడింగ్‌లో 40కి 30 వస్తున్నాయని ధీమాగా ఉంటారు. అకడమిక్‌లో 30 అంటే సుమారు 7, కానీ జనరల్ రీడింగ్‌లో పాఠాలు తేలిక కాబట్టి 30కి వచ్చేది 6. అక్కడ 7 రావాలంటే 34 దాకా కావాలి. లిజనింగ్‌లో 8కి సుమారు 35. అంటే ఐదు తప్పులకి మించి చోటు లేదు. వాటిలో రెండు మూడు స్పెల్లింగ్‌కీ, చివర ఎస్ వదిలేసిన బహువచనాలకీ పోవడం మామూలే.

రైటింగ్‌కి ఇలా మార్కులు లెక్కపెట్టుకునే వీలు లేదు, అందుకే అందరూ అక్కడే ఆగిపోతారు. 6కీ 7కీ తేడా కష్టమైన పదాల్లో లేదు. వ్యాకరణం విషయంలో 7 బ్యాండ్ అడిగేది తప్పు లేని వాక్యాలు తరచుగా కనబడాలని. కాబట్టి మీరు రాసిన 250 పదాల వ్యాసం తీసుకుని, బాగా తెలిసినవాళ్ల చేత దిద్దించి, ఒక్క తప్పూ లేని వాక్యాలు ఎన్నో లెక్కపెట్టండి. పదిహేను వాక్యాల్లో నాలుగైదే నిలబడితే నెలలో 7 ఆశించొద్దు. తెలుగువాళ్లకి ఈ లెక్క చెడగొట్టేవి ముఖ్యంగా ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్. మన భాషలో వాటికి సమానమైనవి లేవు, అందుకే మాట్లాడేటప్పుడు పోయినా తెలియదు. కాగితం మీద మాత్రం ఒక్కో లోపం ఒక్కో వాక్యాన్ని చెడగొడుతుంది. ఇలాంటి అలవాటు చిట్కాలతో పోదు, వారానికి మూడు నాలుగు వ్యాసాలు రాసి దిద్దించుకుంటూ పోతేనే తగ్గుతుంది. సాధనలో ఎక్కువ భాగం రెండో ప్రశ్నకి, అంటే వ్యాసానికి ఇవ్వండి. మార్కుల్లో దాని బరువు మొదటి ప్రశ్నైన ఉత్తరానికి రెట్టింపు.

ఇప్పుడు గంటలు. యూరప్ భాషా కొలతలో ఐఈఎల్‌టీఎస్ 5.5 నుంచి 6.5 దాకా బీ2, 7 నుంచి సీ1. ఒక స్థాయి నుంచి పై స్థాయికి సుమారు 200 గంటల బోధన పడుతుందని కేంబ్రిడ్జ్ అంచనా. మన ఎంటెక్ అబ్బాయికి మాక్‌లో లిజనింగ్ 7, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5 వచ్చాయనుకుందాం. ఉద్యోగం చేస్తూ రోజుకి రెండు గంటలు, ఆదివారం నాలుగు, వారానికి 16 గంటలు. 200 గంటలకి పన్నెండున్నర వారాలు. ఇది అందరికీ ఒకేలా ఉండదు, కానీ మూడు నెలలనేది అతనికి నిజాయతీ గల గడువు. నెల రోజుల కోచింగ్‌లో రోజుకి రెండు గంటలు కూర్చున్నా అరవై గంటలు దాటవు.

ఒక్క మాడ్యూల్ మళ్లీ రాసే సౌకర్యం ఐఈఎల్‌టీఎస్‌లో నిజంగానే ఉంది. కంప్యూటర్ మీద రాసినవాళ్లు 60 రోజుల్లోపు ఒకే నైపుణ్యాన్ని తిరిగి రాయొచ్చు. కొన్ని దేశాలు, యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకుంటాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి మాత్రం కెనడా ఒప్పుకోదు. రెండు పరీక్షల్లో మంచివి ఏరి కలపడానికీ వీల్లేదు. 8, 7, 6.5, 7 దగ్గర ఆగినవాడు నాలుగూ మళ్లీ రాయాలి, లిజనింగ్ 8 రెండోసారి కూడా నిలబెట్టుకోవాలి. అందుకే లక్ష్యం గీత మీద పెట్టుకోకూడదు. ఇంట్లో రాసే మాక్‌లలో లిజనింగ్ 37, 38 వరుసగా మూడుసార్లు వచ్చాకే తేదీ బుక్ చేసుకోవడం మేలు.

అలా రైటింగో స్పీకింగో అర బ్యాండ్ దగ్గర ఆగిపోతే ముందు పునఃపరిశీలన అడగొచ్చు. ఫలితం వచ్చిన ఆరు వారాల్లోపు దరఖాస్తు చేయాలి, బ్యాండ్ మారితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. లిజనింగ్, రీడింగ్‌లకి దీనివల్ల ఒరిగేది తక్కువ, అక్కడ జవాబు తప్పో ఒప్పో తేలిపోయి ఉంటుంది.

చివరిది, రెండేళ్లు. గడువు అంతే, కానీ అది ప్రొఫైల్ పెట్టిన రోజుతో తీరిపోదు. ప్రొఫైల్ పెట్టేనాటికీ, పిలుపు వచ్చాక పీఆర్ దరఖాస్తు సమర్పించేనాటికీ ఫలితం రెండేళ్ల లోపుదై ఉండాలి. 2026 జనవరి 20న ఫలితం వచ్చినవాడికి 2027 డిసెంబరులో పిలుపు వస్తే, దరఖాస్తుకి 60 రోజులు ఇస్తారు, కానీ స్కోరు జనవరి 20కే చచ్చిపోతుంది. మన డిగ్రీ కెనడాలో ఏ చదువుతో సమానమో చెప్పే మూల్యాంకన నివేదిక ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ముందు తెచ్చుకోవలసింది అది. యూనివర్సిటీ నుంచి మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు కదలడానికే వారాలు పడతాయి, ఐఈఎల్‌టీఎస్ సాధన ఆ లోపల సాగిపోతుంది.

అలాగని పరీక్షని ఎంతకాలమైనా వాయిదా వేయొచ్చని కాదు, రెండో వైపు నుంచి వయసు నెడుతుంది. 29 నుంచి 30లోకి వచ్చిన రోజున పెళ్లికానివాడికి 110 కాస్తా 105 అవుతుంది, ఆ తర్వాత నలభై దాకా ప్రతి పుట్టినరోజుకీ ఐదారు పోతాయి. మన అబ్బాయి పుట్టినరోజు సెప్టెంబరులో అనుకుంటే, జనవరిలో ట్రాన్‌స్క్రిప్టులకి పెట్టి చదువు మొదలుపెట్టాలి. ఏప్రిల్ మూడో వారంలో మొదటి పరీక్ష, కంప్యూటర్ ఫలితం వారం లోపే వస్తుంది. తగ్గితే ఆరు వారాలు ఆ లోపం మీదే పనిచేసి జూన్ మొదట్లో రెండోది. అప్పటికి ప్రొఫైల్ డ్రాకి ఎదురుచూసేవాళ్ల పూల్‌లో పడినా పుట్టినరోజుకి ముందు మూడు నెలల డ్రాలు దొరుకుతాయి. జూన్‌లోనూ రైటింగ్ 6.5 దగ్గరే ఆగితే? ఉన్న స్కోరుతో 411కి ప్రొఫైల్ పెట్టి ఉంచి, మూడోసారి రాయడమే. పుట్టినరోజు దాటితే పోయేది ఐదు, ఆ అర బ్యాండ్ వస్తే కలిసేది 58.