పిన్ను తప్పితే శిక్ష దుకాణానికా?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటారు పంపుల స్పేర్ పార్టులు అమ్మే ఒక దుకాణదారు, ఒక మ్యాప్ సంస్థకు రాసిన ఉత్తరం నకలు మా కార్యాలయానికి చేరింది. తెల్ల కాగితం మీద రాసి, కింద దుకాణం రబ్బరు స్టాంపు వేసి, స్పీడ్ పోస్టులో పంపారు. అడిగింది ఒకటే. ‘మీ మ్యాపులో మా షాపు పిన్ను తప్పుచోట ఉంది, దయచేసి సరిచేయండి.’ ఫోన్ తెర మీద వేలితో జరపాల్సిన గుర్తు కోసం ఒక వ్యాపారి తపాలా కార్యాలయానికి వెళ్లాల్సి వచ్చిందంటే, ఆ సంస్థ తలుపులన్నీ ముందే మూసుకుపోయాయని అర్థం.

పిన్ను దుకాణానికి అర కిలోమీటరు దూరంలో, ఒక అపార్టుమెంటు గేటు ముందు ఉంది. బోరు మోటారు ఆగిపోయి, అరిగిపోయిన ఇంపెల్లర్‌ను చేతిసంచిలో వేసుకుని సిద్దిపేట నుంచి తెల్లారే బస్సెక్కిన రైతు ఆ గేటు ముందు నిలబడుతున్నాడు. అడిగినవాళ్లకల్లా చెప్పి విసిగిన వాచ్‌మన్, ‘మోటార్ షాప్ ఇక్కడ లేదు’ అని గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టాడట. సంస్థ చేయని పనిని వాచ్‌మన్ చేశాడు, జీతం పెరగకుండానే.

తప్పు ఎలా జరిగిందో ఉత్తరంలోనే ఆధారం ఉంది. అదే బిందువు మీద రాణిగంజ్ దుకాణాలు మరికొన్ని ఒకదానిపై ఒకటి పేరుకుని ఉన్నాయని ఆయన గమనించారు. మన జంటనగరాల ఇంటి నంబర్ల సంగతి తెలిసిందే. వార్డు, బ్లాకు, ఇల్లు, దానికి ఒక బై, ఆ బైకి మరో బై. వరుస నంబర్లు వరుస ఇళ్లకే ఉంటాయన్న హామీ లేదు. చిరునామాను అక్షాంశ రేఖాంశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఆ నంబరు దొరకనప్పుడు, తనకు తెలిసిన పెద్ద ప్రాంతాన్ని పట్టుకుంటుంది. అది పేట కావచ్చు, పిన్‌కోడ్ కావచ్చు. దాని నడిమధ్యలో పిన్ను గుచ్చేసి చేతులు దులుపుకుంటుంది. ఒకే బిందువు మీద సంబంధం లేని దుకాణాలు గుంపుగా కనిపిస్తే కారణం చాలావరకు ఇదే. అది కొలిచి పెట్టిన చోటు కాదు, తెలియక పెట్టిన చోటు. ఆ సంగతి మాత్రం మ్యాపులో ఎక్కడా కనిపించదు. కచ్చితంగా తెలిసిన చోటుకు, ఊహించిన చోటుకు ఒకటే ఎర్ర గుర్తు.

అమెరికాలో ఇలాంటిదే జరిగింది. ఇంటర్నెట్ కనెక్షన్ల ఆచూకీ చెప్పే ఒక సంస్థ, దేశంలో ఫలానా చోటని తెలియని వాటన్నింటినీ 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర పడేసింది. అక్కడున్నది కాన్సాస్‌లో ఒక పొలం. ఆ ఇంటి మీదికి ఏళ్ల తరబడి పోలీసులు, ఆన్‌లైన్‌లో మోసపోయినవాళ్లు వచ్చిపడ్డారు. 2016లో ఒక విలేకరి బయటపెట్టాకే సంస్థ కదిలి, ఆ బిందువును ఒక రిజర్వాయర్ మధ్యకు మార్చింది. పత్రికలో వస్తే తప్ప కదలరన్నమాట.

మళ్లీ రాణిగంజ్‌కు వద్దాం. దుకాణం గుమ్మంలో నిలబడి ఫోనులో చూసిన అంకెలకు, మ్యాపులో పిన్ను అంకెలకు తేడా ఆయన రాసి చూపించారు. అక్షాంశంలో దశాంశ బిందువు తర్వాత మూడో అంకెలో నాలుగు తేడా. ఆ స్థానంలో ఒక్క అంకె సుమారు 111 మీటర్లు. నాలుగంటే దాదాపు 450 మీటర్లు. నాలుగో అంకె వరకు సరిచూసినా దుకాణం 11 మీటర్ల లోపు దొరుకుతుంది. ఇంతకంటే స్పష్టంగా ఏ వ్యాపారి చెప్పగలడు?

అయినా ఆయన యాప్‌లో పెట్టిన సవరణకు వచ్చిన జవాబు Not applied. ఎందుకో లేదు. వీడియో పంపమంటే పంపారు. వీధి, బోర్డు, షట్టరు తాళం తీయడం, బిల్లు పుస్తకం, ఎక్కడా ఆపకుండా తీశారు. యాజమాన్యం నిర్ధారణ అయిందన్నారు, పిన్ను మాత్రం కదల్లేదు. చిరునామాలో వీధి పేరు చేర్చి చూస్తే, సాఫ్ట్‌వేర్ ఆ చిరునామాను మళ్లీ లెక్కగట్టి పిన్నును పాత చోటికే లాక్కెళ్లింది. విసిగి కొత్త లిస్టింగ్ తెరిస్తే డూప్లికేట్ అని తీసేశారు. ఈలోగా గేటు దాకా వెళ్లి తిరిగొచ్చిన ఎవరో దుకాణం మూతపడిందని రిపోర్టు కొట్టారు. అది చెల్లింది! మ్యాపులో Permanently closed అని వచ్చింది. షట్టరెత్తి కూర్చున్న మనిషి మాట చెల్లలేదు, దారి తప్పిన మనిషి మాట చెల్లింది. మా అభ్యంతరమంతా ఇక్కడే.

పోటీదారుల పిన్నులు జరిపేవాళ్లు, లేని దుకాణాలు సృష్టించేవాళ్లు ఉన్నారు కాబట్టి ప్రతి సవరణనూ అనుమానించక తప్పదని సంస్థలు అంటాయి. నిజమే, దొంగలున్నారు. కానీ ఆ అనుమానం ఒకవైపే ఎందుకు పనిచేస్తోంది? మొదట ఆ పిన్ను గుచ్చినప్పుడు ఎవరు వీడియో తీశారు? ఎవరు షట్టరు తెరిచి చూపించారు? దుకాణం మూతపడిందన్న అజ్ఞాత వ్యక్తిని బిల్లు పుస్తకం చూపమన్నారా? పెట్టేటప్పుడు అక్కర్లేని రుజువు, మూసేయడానికి అక్కర్లేని రుజువు, సరిచేయమన్నప్పుడు మాత్రం కావాలా?

ఒక్క దుకాణం బాధ అని కొట్టిపారేయలేం. అదే బిందువు మీద పేరుకున్న మిగతా దుకాణాలకూ రేపు ఇదే గతి. నష్టం గల్లాపెట్టెతో ఆగేదీ కాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో రామ్‌గంగా నది మీద ఒక భాగం వరదకు కొట్టుకుపోయిన వంతెన ఎక్కిన కారు కిందపడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు ఫోను చూపిన దారినే నమ్ముకుని వెళ్లారని పోలీసులు చెప్పారు. అక్కడ అడ్డు పెట్టని అధికారులదీ తప్పే. అయినా నేల మీది మార్పును చెప్పేవాళ్లుంటే వినే చెవి మ్యాపుకు ఉండాలా, వద్దా?

ఆ చెవి ఉండాలని చట్టం ఎప్పుడో చెప్పింది. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం, వినియోగదారులు చేర్చిన సమాచారాన్ని నడిపే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో చెప్పాలి. ఆయన ఉత్తరం వెళ్లింది ఆ అధికారికే. మాకు నకలు చేరేనాటికి అందిందన్న ముక్క కూడా ఆయనకు రాలేదు.

నగరపాలక సంస్థనూ వదిలేది లేదు. పన్ను నోటీసు ఇవ్వడానికి దొరికే దుకాణం, నంబరు సరిచేయడానికి దొరకదా? తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి, గడికో పది అక్షరాల కోడ్ ఇచ్చే పద్ధతి ఇది. తయారీలో పాలుపంచుకున్న ఐఐటీ హైదరాబాద్, ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ రెండూ మన పక్కనే ఉన్నాయి. డిజిపిన్ ఒక్కటే దుకాణం ఎవరిదో చెప్పదు. దానికి ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ సర్టిఫికెట్ ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే చీటీ మీద ముద్ర వేసి ఇస్తే, అది కాదనే ధైర్యం ఏ మ్యాప్ సంస్థకుంటుందో చూద్దాం.

మ్యాప్ సంస్థ మాకు వివరణలు పంపాల్సిన పనిలేదు. ముందు Permanently closed తీసేయాలి. పిన్ను జరపాలి, లేదా ఎందుకు జరపరో సంతకం పెట్టి ఆ దుకాణదారుకు రాయాలి. అనుమానముంటే ఒక మనిషిని రాణిగంజ్ పంపి చూసుకోవాలి. వచ్చే మనిషి మాత్రం తమ మ్యాపును నమ్ముకుని బయల్దేరకుండా, దారిలో ఎవరినైనా అడిగి వస్తే మంచిది.