యాభై నిమిషాల లెక్క, పది గంటల మురుగు

“లిఫ్ట్ స్టేషన్ నుంచి వెళ్లే పంపింగ్ మెయిన్ ఎంత పెద్దదైతే అంత మంచిది, కరెంటు ఆదా అవుతుంది. వేగానికి పై హద్దు అంటూ లేదు. రెండు కిలోమీటర్ల పైపును మురుగు గంటలోపే దాటుతుంది కాబట్టి కుళ్లే ప్రశ్నే లేదు. చివర వాసన వస్తే నీటిని మ్యాన్‌హోల్‌లోకి ఎత్తు నుంచి పడనివ్వండి, గాలి తగిలి పోతుంది.”

ఈ సందేశాన్ని ఈ వారంలోనే నలుగురు మిత్రులు నాకు పంపారు. మురుగును పంపుతో ఎత్తి పంపే చోటు లిఫ్ట్ స్టేషన్, అక్కడి నుంచి ఒత్తిడితో దాన్ని అవతలి మ్యాన్‌హోల్‌కు చేర్చే పైపే పంపింగ్ మెయిన్. వారిలో ఇద్దరు డిజైన్ పని చేసేవారే కావడంతో ఊరుకోలేక రాస్తున్నాను.

పై హద్దు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. వేగం సెకనుకు 2.5 నుంచి 3 మీటర్లు దాటితే ఘర్షణ నష్టం, అంటే నీరు పైపు గోడను ఒరుసుకోవడంలో పోయే ఒత్తిడి, విపరీతంగా పెరుగుతుంది. పైగా ఉక్కు వంటి గట్టి పైపులో 1 మీటరు వేగంతో పోయే నీరు హఠాత్తుగా ఆగితే దాదాపు 100 మీటర్ల హెడ్‌కు, అంటే అంత ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడికి, సమానమైన దెబ్బ తగులుతుంది. కరెంటు పోయిన ప్రతిసారీ పంపు ఆగుతుందన్నది గుర్తుంటే ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

పెద్ద పైపుతో కరెంటు ఆదా అన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నాను. 2000 మీటర్ల పొడవున సెకనుకు 21 లీటర్లు పంపే మెయిన్‌ను తీసుకుందాం. ఘర్షణ నష్టం 150 మి.మీ. పైపులో సుమారు 24 మీటర్లు, 200లో 6 మీటర్లు ఉంటే, 300లో ఒక మీటరు కూడా ఉండదు. కానీ ఆ 300 మి.మీ. పైపులో వేగం సెకనుకు 0.3 మీటరుకు పడిపోతుంది. ఇసుక, మలినాలు అడుగున చేరకుండా ఉండాలంటే కనీసం 0.6 మీటరు, ఒకసారి పేరుకున్నవి మళ్లీ కదలాలంటే సుమారు 1 మీటరు వేగం కావాలి. 200లో వేగం 0.66 మీటరు, పేరుకోకుండా ఆపడానికి అది బొటాబొటీగా సరిపోతుంది.

ఇక గంటలోపు చేరుతుందన్న లెక్క చూద్దాం. 2000 మీటర్లను 0.66తో భాగిస్తే 50 నిమిషాలు వస్తుంది, కానీ అది పంపు ఆగకుండా నడిస్తేనే నిజం. కొత్త కాలనీలో ఇళ్లు సగం కూడా నిండని రోజుల్లో మురుగు రోజుకు 150 ఘనపు మీటర్లే వస్తుందనుకుందాం. పంపు దగ్గర మురుగు చేరే గుంత అయిన వెట్‌వెల్‌లో 3 ఘనపు మీటర్లు చేరగానే పంపు రెండు మూడు నిమిషాలు నడిచి ఆగుతుంది. ఆ కాస్త నడకకు పైపులోని మురుగు సుమారు 95 మీటర్లు ముందుకు జరిగి, తర్వాతి అరగంట అక్కడే నిలబడిపోతుంది. 200 మి.మీ. పైపు మొత్తంలో దాదాపు 63 ఘనపు మీటర్లు పడుతుంది కాబట్టి అవతలి చివరకు చేరాలంటే పంపు 21 సార్లు నడవాలి, అంటే 10 గంటలు. 300 అయితే 22 గంటలు దాటుతుంది. వేగం పంపుది, నిలవ కాలం కాలనీది. ఈ రెంటినీ కలిపేయడంలోనే తప్పంతా ఉంది.

నిండుగా ప్రవహించే ఆ పైపులో గాలి లేదు. గోడకు పట్టిన జిగురు పొరలోని బ్యాక్టీరియా మురుగులోని సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. అది బయటికి పోయే దారి లేక నీటిలోనే కరిగి ప్రయాణిస్తుంది. పంపు నడిచిన కొద్దిసేపు చివరి మ్యాన్‌హోల్‌లో నల్లటి నీరు, కుళ్లిన గుడ్ల వాసన వచ్చి, ఆగాక తగ్గిపోతే కారణం ఇదే.

అలాంటి నీటిని ఎత్తు నుంచి పడెయ్యమనడం ఈ సందేశంలోని అత్యంత ప్రమాదకరమైన మాట. నీరు చిందిన చోట కరిగి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ నశించదు, ఒక్కసారిగా గాలిలోకి వచ్చేస్తుంది. తడిగా ఉన్న కాంక్రీటు పైభాగానికి చేరి అక్కడి బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. అలాంటి మ్యాన్‌హోల్ గోడను నేను స్క్రూడ్రైవర్‌తో గీకితే తడి సున్నంలా ముద్దగా ఊడివచ్చింది, లోపల ఇనుప చువ్వ కనిపించింది. ఇది చదివి ఎవరైనా పైపు చివరను ఇంకో మీటరు పైకి లేపితే ఆ గోడ ఎన్నాళ్లు నిలుస్తుంది?

చేయవలసింది దీనికి సరిగ్గా తలకిందులు. పైపు చివరను మ్యాన్‌హోల్‌లో నీటి మట్టానికి దించి, ప్రవాహ దిశలోనే నెమ్మదిగా కలిసేలా వదలాలి. ఆ మ్యాన్‌హోల్‌కు, దిగువన ఉన్న కొన్నింటికి ఆమ్లాన్ని తట్టుకునే పూత వేయాలి. తొలి ఏళ్లకు 150 మి.మీ. పైపు, సెకనుకు 11 లీటర్ల చిన్న పంపు పెడితే వేగం 0.6 మీటరు దాటుతుంది, ఘర్షణ నష్టం 7 మీటర్ల దగ్గరే ఆగుతుంది, నిలవ 10 గంటల నుంచి 6 గంటల లోపుకు తగ్గుతుంది. మిగిలిన వాసనకు వెట్‌వెల్‌లో కాల్షియం నైట్రేట్ కలిపితే బ్యాక్టీరియా సల్ఫేట్ జోలికి పోకముందు నైట్రేట్‌ను వాడుకుంటుంది.

వాసన పోయిందంటే వాయువు పోయినట్టు కాదు. సుమారు 100 పీపీఎం దగ్గర ఈ వాయువు ముక్కును మొద్దుబారుస్తుంది, అంటే వాసన తెలియని చోటే మనిషి కూలిపోవచ్చు. మీటరుతో కొలవకుండా, గాలి ఆడించకుండా ఎవరినీ మ్యాన్‌హోల్‌లోకి దించకండి. కొలిచాక కూడా అటువైపు పంపు స్విచ్‌కు తాళం వేశాకే దించాలి. మనిషి లోపల ఉండగా పంపు నడిస్తే, పది గంటలు నిలవ ఉన్న మురుగు నేరుగా అతని కాళ్ల దగ్గరే బయటపడుతుంది.