పన్నెండు ఇంటర్వ్యూలకే ‘ఇక చాలు’ అంటే ఎలా?

ఇంటర్వ్యూల ఆధారంగా రాసిన థీసిస్‌లలో పరిశోధనా పద్ధతి అధ్యాయం తిరగేస్తే తరచూ ఎదురయ్యే వాక్యం ఒకటుంది: ‘డేటా శాచురేషన్ వచ్చేవరకు ఇంటర్వ్యూలు చేశాం’. అంటే ఇంకెవర్ని అడిగినా కొత్త విషయం రాని దశకు చేరామని. పక్కనే ఆధారంగా 2006 నాటి గెస్ట్, బన్స్, జాన్సన్‌ల వ్యాసం, దాంట్లోని పన్నెండు అనే అంకె. వాక్యం ఉంటే చాలు, వైవాలో ఎవరూ నిలదీయరు. నిలదీయాలి. ఏ ఇంటర్వ్యూలో కొత్తగా ఏం దొరికిందో చూపించనంతవరకు ఆ వాక్యానికి విలువ లేదు.

ఇంతకీ ఆ పన్నెండు ఎక్కడిది? హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్న మహిళల్ని ఘనాలో 30 మందిని, నైజీరియాలో 30 మందిని ఇంటర్వ్యూ చేశారు. ఆరేసి ఇంటర్వ్యూల చొప్పున విశ్లేషిస్తూ, ప్రతి విడతలో ఎన్ని కొత్త కోడ్‌లు వచ్చాయో లెక్కపెట్టారు. కోడ్ అంటే మాటల్లో దొరికిన ఒక్కో విషయానికి పెట్టుకున్న పేరు. ఘనా ఇంటర్వ్యూల్లో మొత్తం 109 కోడ్‌లు వస్తే అందులో 80 మొదటి ఆరింటిలోనే వచ్చేశాయి. పన్నెండు పూర్తయ్యేసరికి 100 అయ్యాయి. నైజీరియా ఇంటర్వ్యూలన్నీ కలిపినా కొత్తవి ఐదే. మనవాళ్లు ఇంతవరకే చదివి ఆగిపోతారు. ఆ మహిళలు దాదాపు ఒకే తరహా వాళ్లు, అందర్నీ అడిగినవీ ఒకే ప్రశ్నలు. అన్నిటికన్నా ముఖ్యం, పన్నెండు సరిపోయేవని వాళ్లకు తెలిసింది అరవై పూర్తిచేశాక వెనక్కి తిరిగి చూసుకుంటేనే. పన్నెండు దగ్గర ఆగిపోయినవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

మన దగ్గరి పరిస్థితికి అన్వయించి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల అప్పుల మీద ఒకరు పరిశోధన చేస్తున్నారనుకోండి. మొదటి నలుగురి నుంచి 20 కోడ్‌లు వచ్చాయి. ఐదో రైతు ఒక్క కొత్త విషయం చెప్పాడు, ఆరో రైతు ఏమీ చెప్పలేదు. 20కి ఒకటి, అంటే 5 శాతం. గెస్ట్ బృందమే 2020లో సూచించిన లెక్క ప్రకారం కొత్తవి 5 శాతం దాటకపోతే ఆగిపోవచ్చు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. కానీ ఆ ఆరుగురినీ పరిచయం చేసింది ఊళ్లోని ఒకే పెద్దమనిషి. అందరూ మగవాళ్లు, అందరికీ ఎంతోకొంత సొంత పొలం ఉంది. ఏడో మనిషిగా సెంటు భూమి కూడా లేని ఒక మహిళను కలిస్తే? సాగుదారు కార్డు కోసం భూయజమాని సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వనన్నాడని చెబుతుంది. కార్డు లేక బ్యాంకు అప్పు రాలేదని, ఎరువుల దుకాణంలో అరువు పెట్టి పంట ఆ దుకాణానికే తోలాల్సి వచ్చిందని చెబుతుంది. ఒక్క ఇంటర్వ్యూలోనే నాలుగైదు కొత్త కోడ్‌లు. ఆగిపోయింది ఆ పెద్దమనిషికి తెలిసిన ప్రపంచం వరకే, కౌలు రైతుల ప్రపంచం కాదు. కాబట్టి ఎంతమంది అన్నదానికన్నా ముందు అడగాల్సింది, ఎవరి ద్వారా దొరికినవాళ్లు అని.

కోడ్ ఎంత వెడల్పుగా పెట్టారన్నదీ అంతే ముఖ్యం. అన్నిటినీ ‘అప్పుల బాధ’ అనే ఒక్క బుట్టలో వేస్తే మూడో ఇంటర్వ్యూకే శాచురేషన్ వచ్చేస్తుంది. హెన్నింక్, కైసర్, మార్కోనీ 2017లో 25 ఇంటర్వ్యూలు తీసుకుని చూస్తే, కొత్త కోడ్‌లు రావడం దాదాపు తొమ్మిది దగ్గరే ఆగింది. కానీ ఆ విషయాల లోతు పూర్తిగా అర్థం కావడానికి 16 నుంచి 24 పట్టాయి. పేర్లు ఆగిపోవడం వేరు, అర్థం కావడం వేరు.

అసలు ఈ కొలతే వద్దనేవాళ్లూ ఉన్నారు. అర్థం డేటాలో పడి ఉండేది కాదు, పరిశోధకుడు నిర్మించేదని బ్రాన్, క్లార్క్‌ల వాదన. సరే, అలా నమ్మితే శాచురేషన్ అనే మాటే రాయకండి. డబ్బు, టైమ్ అయిపోయి ఆపేస్తే అదే రాయండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

అసలు జబ్బు ఫారాలతో వచ్చింది. ఇంటర్వ్యూ పరిశోధనల కోసం 2007లో వచ్చిన 32 అంశాల కోరెక్ చెక్‌లిస్టులో శాచురేషన్ గురించి చర్చించారా అనే గడి ఒకటుంది. గడి ఉంది కాబట్టి ఒక వాక్యం పుడుతుంది, టిక్కు పడుతుంది. మేసన్ 2010లో 560 పీహెచ్‌డీలు పరిశీలిస్తే ఇంటర్వ్యూల సంఖ్యలు పదుల గుణిజాల దగ్గరే గుమిగూడాయి. మనుషుల అనుభవాలు సరిగ్గా ఇరవై దగ్గరో ముప్పై దగ్గరో అయిపోతాయా? ప్రపోజల్‌లో ముందే రాసిచ్చిన అంకెకు శాచురేషన్ వచ్చి వాలుతోంది. ప్రజల మాటలు వినడానికి పుట్టిన పద్ధతిని కూడా మన ఆఫీసులు గడులు నింపే పనిగా మార్చేశాయి.

ఎగ్జామినర్లు అడగాల్సింది రెండు తేదీలే: చివరి ఇంటర్వ్యూ ఎప్పుడు చేశారు, కోడింగ్ ఎప్పుడు మొదలుపెట్టారు? ఇంటర్వ్యూలన్నీ మార్చిలో ముగించి, రికార్డింగులు టైపు చేయడం మేలో మొదలుపెట్టినవాళ్లు, కొత్త విషయాలు రావడం ఆగిందని మార్చిలోనే ఎలా తేల్చుకున్నారో కూడా చెప్పాలి.